బారాణ వడ్డీ

నిర్మల్‌లోని ఆడపిల్లల బడిలో నేను నాలుగు, అయిదు తరగతులకు లెక్కలు చెప్పేదాన్ని. నేను చదువుకున్నది నిజాం కాలంలో, ఉర్దూలో. ఆ తర్వాత తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు కూడా లెక్కలు నన్ను ఇబ్బంది పెట్టలేదు. ఏ భాషలో చెప్పినా ఏడెనిమిదులు యాభై ఆరే. అందుకే మా ఇంట్లో డబ్బు సంగతి ఏది వచ్చినా మా ఆయన నా ముఖం చూసేవాడు. ఆయన నాలుగో తరగతితో బడి మానేసి, పదహారేళ్లు ఒకరి లారీ నడిపినవాడు. భైంసా నుంచి పత్తి, నిర్మల్ డిపో నుంచి టేకు దుంగలు వేసుకుని కరీంనగర్ పోయేవాడు. వచ్చేటప్పుడు ఉప్పు, బెల్లం, కిరాణా సామాను తెచ్చేవాడు.

పంతొమ్మిది వందల అరవైల మధ్యలో ఆయన పనిచేస్తున్న యజమాని పాత లారీ ఒకటి అమ్మకానికి పెట్టాడు. తొమ్మిది వేలు అన్నాడు. పదహారేళ్లు నమ్మకంగా పనిచేసిన డ్రైవరుకే ముందు చెప్తున్నానని కూడా అన్నాడు. మా దగ్గర నా జీతంలో మిగిల్చినవి, మా అత్తగారు దాచుకున్నవి కలిపితే మూడు వేలు తేలాయి. ఇంకా ఆరు వేలు కావాలి.

అప్పు పుట్టే చోట్లు రెండు కనిపించాయి. ఒకటి పట్టణంలోని సహకార బ్యాంకు. అత్తగారి పేర ఉన్న ఇంటి కాగితం పెట్టాలి, ఇద్దరు జామీను నిలబడాలి, వడ్డీ నెలకు నూటికి రూపాయి. రెండోది కరీంనగర్‌లో లారీల మీద అప్పులిచ్చే ఒక సేటు దుకాణం. అక్కడ ఇంటి కాగితం అక్కర్లేదు. అప్పు తీరేదాకా లారీ రిజిస్ట్రేషను పుస్తకంలో సేటు పేరు కూడా ఉంటుంది, అంతే. వడ్డీ నూటికి పన్నెండణాలు. అణాలు పోయి నయాపైసలు వచ్చి ఏళ్లయినా ఆ మాట పోలేదు. ముప్పావలాను మేం బారాణ అనే అనేవాళ్లం.

ఆయన రెండు చోట్లకూ తిరిగి వచ్చి, చేతులు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"బ్యాంకుల రూపాయంట. సేటు కాడ బారాణ. రెండేండ్లల్ల కట్టాలె. యేడ తీసుకుందాం?"

"కిస్తు ఎంత?"

"బ్యాంకుల మొదటి నెల మున్నూట పది. సేటు కాడ రెండు వందల తొంబై అయిదు, నెల నెలకు గదే."

నేను పలక కూడా తీయలేదు. రూపాయి కన్నా బారాణ తక్కువ. మూడు వందల పది కన్నా రెండు వందల తొంభై అయిదు తక్కువ. పైగా అత్తగారి ఇంటి కాగితం తాకట్టు పెట్టే పని లేదు. ఇందులో లెక్క వేయడానికి ఏముంది?

"సేటు కాడనే తీసుకో" అన్నాను.

అత్తగారు తల ఊపింది. ఇల్లు కదిలించకుండా పని అవుతున్నందుకు ఆమెకు సంతోషం. ఆయన మళ్లీ అడిగాడు, "మంచిగ చూసినవా?" అని. "చూసిన" అన్నాను. ఆ మాటను ఇవాళ్టికీ మరిచిపోలేను. నేను చూడలేదు.

ఒప్పందం కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు రాదు. సేటు గుమాస్తా వేలితో చూపించిన ప్రతి చోటా మా ఆయన ఉర్దూలో సంతకం చేశాడట. ఆరు వేలు, రెండేళ్లు, ఇరవై నాలుగు కిస్తులు. లారీ మా వాకిట్లోకి వచ్చిన రోజు అత్తగారు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. సొంత లారీ అయ్యేసరికి మా ఆయన దాని పక్కన నిలబడటం కూడా మారింది. డోరు మీద చెయ్యి ఆనించి నిలబడేవాడు.

మూడో కిస్తు కట్టిన తర్వాత ఒకరోజు నేనే ఆయనకు ఒక సలహా ఇచ్చాను. అప్పు ఎంత తొందరగా తీరితే వడ్డీ అంత తొందరగా ఆగుతుంది, ఏడాదిలో సగం అసలు తీరుతుంది, మిగతా సగం ఒకేసారి పడేస్తే రెండో ఏడాది వడ్డీ మనకు మిగులుతుంది అని చెప్పాను. అది తప్పేమీ కాదు, సాధారణంగా అప్పులు నడిచే తీరు అదే. ఆయన నా మాట పట్టుకున్నాడు.

అప్పటిదాకా వారానికి రెండు ట్రిప్పులు వేసేవాడు. అవి మూడయ్యాయి, కోతల కాలం వచ్చేసరికి నాలుగయ్యాయి. కరీంనగర్‌లో దించి, అక్కడే అన్నం తిని, పడుకోకుండా తిరుగు లోడు ఎత్తించుకుని వచ్చేవాడు. ఇంటికి వస్తే కళ్లు చింతనిప్పుల్లా ఉండేవి. పిల్లలు పలకరిస్తే ఒక్కోసారి జవాబు ఇచ్చేవాడు కాదు. వినిపించలేదా అని అడిగితే, "ఇంజన్ చప్పుడు చెవులల్లనే ఉన్నది" అనేవాడు. నడుముకు అత్తగారు వావిలాకు కాపడం పెట్టేది.

వానాకాలంలో ఒకనాడు ఆయన లారీతో రాలేదు, బస్సులో వచ్చాడు. సోన్ దగ్గర గోదావరి వంతెన దాకా ఇంకా చేరకముందే, పట్టపగలు, కన్ను మూతపడి బండి రోడ్డు దిగి మట్టికట్టకు కొట్టుకుందట. ముందు చక్రాల మీది కమాను పట్టీ విరిగింది. ఆయనకు, క్లీనరుకు దెబ్బలు తగల్లేదు. క్లీనరు నలభై దాటిన మనిషి. మర్నాడు సామాను కోసం మా ఇంటికి వచ్చి, ఆయన లేని సమయం చూసి నాతో అన్నాడు:

"చెల్లె, జర చెప్పు ఆయనకు. నిద్ర పోతలేడు. నేను మాట్లాడుకుంట కూసుంట పక్కపొంటి, అయినా తల వాలుతుంది. కట్ట ఉన్నదని బతికినం. అదే వంతెన మీద అయితే?"

ఆ సాయంత్రం నేను ట్రిప్పులు తగ్గించమన్నాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇంక అయిదు నెలలే గద. నువ్వే అంటివి, సగం తీరినంక ఒక్కసారి పడేస్తే వడ్డీ ఆగుతదని. గా సొమ్ము జమ కానియ్యి. తర్వాత పండుకుంట."

అది నా మాటే.

పదకొండో కిస్తు కట్టిన నెలలో సంగతి బయటపడింది, అది కూడా వేరే పనిలో. మా బడి పెద్ద టీచరమ్మకు కంట్లో పొర కమ్ముతోంది, చిన్న అంకెలు కనిపించవు. ఆమె ఇంటి మరమ్మతుకు సహకార బ్యాంకులోనే రెండు వేల నాలుగు వందలు తీసుకుంది. మధ్యాహ్నం గంటలో ఆ బ్యాంకు పుస్తకం నా ముందు పెట్టి, కూడిక సరిగ్గా ఉందో లేదో చూడమంది.

చూశాను. ప్రతి నెలా వంద రూపాయలు అసలు. దాని పక్కన వడ్డీ. మొదటి నెల ఇరవై నాలుగు. రెండో నెల ఇరవై మూడు. మూడో నెల ఇరవై రెండు. అలా మెట్లు దిగినట్లు కిందికి వస్తోంది.

"ఇదేంది టీచరమ్మా, వడ్డీ తగ్గుకుంట వస్తున్నది?"

"తగ్గదా మరి? వంద కట్టినంక నా దగ్గర వాండ్ల సొమ్ము వంద తక్కువైతది గద. ఉన్నదానికే వడ్డీ. లేనిదానికి ఎట్ల ఏస్తరు?" ఆమె నన్ను కొంచెం వింతగా చూసింది. "నువ్వే పోరగాండ్లకు చెప్తవు గదనే."

కూడిక సరిగ్గానే ఉందని చెప్పి పుస్తకం ఇచ్చేశాను. తర్వాతి తరగతిలో పిల్లలకు ఏదో రాయమని చెప్పి, నా కాగితం మీద మా అప్పు వేసుకున్నాను. ఆరు వేలను ఇరవై నాలుగుతో భాగిస్తే నెలకు రెండు వందల యాభై అసలు. కిస్తు రెండు వందల తొంభై అయిదు. అంటే వడ్డీ నలభై అయిదు. ఆరు వేలకు బారాణ చొప్పున నలభై అయిదే. మొదటి నెలకు సరిగ్గా ఉంది.

కానీ రెండో నెల కూడా నలభై అయిదే. పన్నెండో నెల కూడా నలభై అయిదే. అప్పటికి మా దగ్గర ఉన్న సేటు సొమ్ము మూడు వేల రెండు వందల యాభై మాత్రమే, వడ్డీ మాత్రం ఆరు వేలకు కడుతున్నాం. అది నూటికి బారాణ కాదు, రూపాయి ముప్పై ఎనిమిది పైసలు. ఆఖరి నెలకు మా దగ్గర మిగిలేది రెండు వందల యాభై. దానికీ నలభై అయిదు. అంటే ఆ ఒక్క నెలకు నూటికి పద్దెనిమిది రూపాయలు. గ్రామాల్లో పీడించే వడ్డీ వ్యాపారి కూడా నెలకు అంత అడగడు.

మొత్తం వేసి చూశాను. సేటుకు రెండేళ్లలో వడ్డీ వెయ్యీ ఎనభై. బ్యాంకులో తీసుకుని ఉంటే మొదటి నెల అరవై, తర్వాత నెలకు రెండున్నర చొప్పున తగ్గుతూ, మొత్తం ఏడు వందల యాభై. మొదటి ఆరు నెలలు బ్యాంకు కిస్తే ఎక్కువ. ఏడో నెల రెండూ సమానం. ఎనిమిదో నెల నుంచి బ్యాంకుది తగ్గిపోతూ ఆఖరికి రెండు వందల యాభై రెండున్నరకు దిగేది. నేను మొదటి నెల ఒక్కటే చూశాను. ఉన్న బాకీ మీద లెక్క కడితే సేటు బారాణ వడ్డీ సాలుకు నూటికి తొమ్మిది కాదు, పదహారుకు పైమాటే. బ్యాంకుది పన్నెండు. తేడా మూడు వందల ముప్పై రూపాయలు. అప్పట్లో నా జీతం నూట పది.

ఇంటికి వెళ్లి ఆ రోజే చెప్పలేదు. ఒక్క ఆశ మిగిలింది. జరిగిందేదో జరిగింది, ఇప్పుడు సగం అప్పు ఒకేసారి కట్టేస్తే మిగతా ఏడాది వడ్డీ ఆగుతుంది కదా అనుకున్నాను. ఆయన ట్రిప్పుల మీద పంతొమ్మిది వందలు జమ చేశాడు. నేను ఒక చిట్టి ఎత్తాను, పదకొండు వందలు వచ్చాయి. సరిగ్గా మూడు వేలు. పన్నెండో కిస్తు కట్టే రోజుకు బడికి సెలవు పెట్టి నేను కూడా లారీలో కరీంనగర్ బయలుదేరాను. మెట్‌పల్లి, కోరుట్ల దాటేదాకా ఆయన హుషారుగా ఉన్నాడు. ఈ బండి విడిపించుకున్నాక ముందు పడుకుంటానని రెండుసార్లు అన్నాడు.

సేటు దుకాణం బజారులో మేడ కింద ఉంది. సేటు లేడు. గుమాస్తా పెద్దమనిషి, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. కిస్తు తీసుకుని రసీదు రాశాడు. అప్పుడు మా ఆయన మూడు వేల కట్ట బల్ల మీద పెట్టాడు.

"ఇగో, మిగిలిన అసలు. ఇయ్యాల్టితోని సాఫ్ చెయ్యి."

గుమాస్తా కట్టను ముట్టుకోలేదు. పుస్తకం తీసి, పేజీ తిప్పి, "ఇంక పన్నెండు కిస్తులున్నయ్. మూడు వేల అయిదు వందల నలభై అయితది" అన్నాడు.

"గది ఏడాదికి గద. ఇప్పుడే కడుతున్నం."

"ఎప్పుడు కట్టినా గంతే అన్నా. వడ్డీ ముందుగాల్నే ఎక్కిచ్చినం. ఆరు వేలు, రెండేండ్ల వడ్డీ వెయ్యెనభై, కలిపి ఏడు వేల ఎనభై. దాన్ని ఇరవై నాలుగు ముక్కలు చేసినం. అసలు వేరు, వడ్డీ వేరు అని మా పుస్తకంల ఉండదు."

నేను మాట్లాడాను. "ఏడాది వాడుకోని సొమ్ముకు వడ్డీ ఎందుకు కట్టాలె?"

గుమాస్తా కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను చూశాడు. కోపం లేదు, ఎగతాళి లేదు. ఈ మాట ఎన్నోసార్లు విన్నవాడిలా ఉన్నాడు.

"అమ్మా, మీరు పంతులమ్మలంట గద. మీ అసొంటోళ్లకు అబద్ధం చెప్పను. కాగితంల రాసే ఉన్నది. అందరికీ గిదే పద్ధతి. సేటు ఉంటే ఓ నలభై రూపాయలు తగ్గిస్తడు, గంత వరకు నేను చెప్పగల్ల. మూడు వేల అయిదు వందలియ్యిండ్రి."

మా ఆయన అర్థం కానట్లు నా వైపు తిరిగాడు. "మరి నువ్వు ఆగుతదంటివి?"

గుమాస్తా దగ్గర కాగితం, పెన్సిలు అడిగి తీసుకున్నాను. మా దగ్గర ఉన్నది మూడు వేలు. ఇంకా అయిదు వందలు ఎక్కడో అప్పు తేవాలి, దానికి మళ్లీ వడ్డీ. ఇంత కష్టం చేసి కట్టేస్తే మిగిలేది నలభై రూపాయలు. మొత్తం బ్యాంకు నుంచి తెచ్చి ఇక్కడ తీర్చినా లాభం లేదు. ఇక్కడి వడ్డీ ఒక్క పైసా ఆగకుండా బ్యాంకు వడ్డీ పైన పడుతుంది, ఏడాదికి రెండు వందలకు మించే. ఏ వైపు నుంచి వేసినా ఒకటే తేలింది. ముందుగా కట్టడం దండగ. సొమ్ము మన దగ్గర ఉంచుకుని, నెల నెలా వాళ్ల కిస్తు వాళ్లకు పడేయడమే మేలు.

అది ఆయనకు చెప్పాలి. ఏడాది పాటు నిద్ర లేకుండా నడిపిన మనిషికి, ఆ నిద్ర మానుకోవాల్సిన పనే లేదని చెప్పాలి.

"సొమ్ము తీసుకో. కట్టొద్దు" అన్నాను.

"ఎందుకు?"

"కట్టినా ఏం తగ్గదు."

ఆయన కట్టను జేబులో పెట్టుకుని లేచాడు. బయట లారీ ఎక్కి, స్టీరింగ్ మీద రెండు చేతులు పెట్టి చాలాసేపు బండి తీయలేదు. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. టీచరమ్మ పుస్తకం సంగతి, నలభై అయిదు మారకపోవడం, మొదటి రోజు నేను లెక్క వేయకుండానే చూశానని అబద్ధం చెప్పడం, అన్నీ.

"అంటే ఈ ఏడాది నేను ఉట్టిగనే తిరిగిన్నా?"

"సొమ్ము ఉన్నది గద, ఎటూ పోలే" అన్నాను. అది నిజమే, కానీ చెప్పాల్సిన మాట అది కాదు.

జగిత్యాలలో బండి ఆపి, ఒక హోటల్లో పూరీలు తిన్నాం. ఆయన రెండు తిని చాలన్నాడు. చెయ్యి కడుక్కుంటూ అన్నాడు, "నీకు లెక్కలొచ్చు, నాకు రావు. నీకే తెల్వకపోతే నాకెట్ల తెలుస్తది? ఆళ్లు గట్ల రాసిండ్రంటే మన అసొంటోళ్ల కోసమే." నన్ను తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇంటికి చేరిన మర్నాడు పొద్దున లోడుకు రమ్మని డిపో నుంచి మనిషి వస్తే, రానని చెప్పి పంపేశాడు. అన్నం తిని మధ్యాహ్నం పడుకున్నాడు. సాయంత్రం దీపాలు పెట్టినా లేవలేదు. అత్తగారు రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. మర్నాడు బడి గంట వేళకు లేచాడు.

ఆ మూడు వేలలో నాలుగు కొత్త టైర్లు వేయించాం, కమాను సరిగ్గా బాగు చేయించాం. మిగిలినవి కిస్తులకు తోడుగా పక్కన పెట్టాం. ట్రిప్పులు మళ్లీ వారానికి రెండయ్యాయి. కొన్ని నెలల్లో కిస్తుకు తడబడ్డాం. వానల్లో నెల రోజులు డిపో మూసేసినప్పుడు పక్కన పెట్టిన సొమ్మే ఆదుకుంది. ఆరోజు ఆ గుమాస్తా బల్ల మీద మొత్తం ఇచ్చేసి వచ్చి ఉంటే, ఆ వానాకాలంలో చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. ఆ ఒక్క లెక్క సరిగ్గా వేసినందుకు నాకు కొంత ఊరట కలగాలి. కలగలేదు.

ఇరవై నాలుగో కిస్తు ఆయన ఒక్కడే వెళ్లి కట్టాడు. సేటు పేరు కొట్టేయించడానికి రవాణా ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పుస్తకం తెచ్చి నా చేతికిచ్చి, చూడమన్నాడు. నాకు ఇంగ్లీషు రాదని తెలుసు. అయినా నేను ప్రతి పేజీ తిప్పాను, రబ్బరు ముద్రల మీద తేదీలు చూశాను, ఆయన పేరు ఉన్న చోటు ఆయననే చూపించమన్నాను. చూపించాడు.

అప్పు తీరింది కానీ ఆయన నడుము తీరుకు రాలేదు. సీటు మీద గంట కూర్చుంటే కాలు తిమ్మిరెక్కేది, దిగి రోడ్డు పక్కన నాలుగడుగులు వేసి మళ్లీ ఎక్కేవాడు. ఆ ఏడాది తిరుగుడే కారణమని అత్తగారు అనేది. ఇన్నేళ్ల డ్రైవరీ కదా, ఎట్లాగూ వచ్చేదే అని ఆయన అనేవాడు. ఎవరి మాట నిజమో నాకు తెలియదు. మూడేళ్లకు లారీ అమ్మేశాడు.

లారీ కొనడానికి వచ్చిన కుర్రవాడు నిజామాబాద్ వైపు డ్రైవరు. అతనికీ ఎవరో అప్పు ఇస్తామన్నారట. నూటికి ఇంత అని గొప్పగా చెప్పాడు. మా ఆయన చాలాసేపు వినీ వినీ, చివరకు అన్నాడు:

"నూటికెంత అని అడగకు తమ్మీ. అప్పు నడుమల కట్టేస్తే ఎంత తగ్గుతదో గది అడుగు."

అతను తల ఊపాడు గానీ, పట్టించుకున్నట్లు లేడు. బండి చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూశాడు, బానెట్ ఎత్తించాడు. బయానా కింద కొంత సొమ్ము ఇచ్చి, అన్నం తిని వెళ్లాడు.